ఎఫ్ 61 ఉన్న ఇన్‌స్ట్రుమెంట్‌ని ఎందుకు వదిలేశాం: ఒక శిక్షణ పథకం కేస్ స్టడీ

ఉద్యోగం లేని యువతకి ఆరు నెలల వృత్తి శిక్షణ ఇచ్చే ఒక సంస్థ మా దగ్గరికి ఒకే ప్రశ్నతో వచ్చింది. శిక్షణ పూర్తి చేసినవాళ్ల సంపాదన, అది లేకపోతే ఉండేదానికంటే ఎంత పెరుగుతోంది? పథకాన్ని పెంచాలా, ఆపాలా అన్న నిర్ణయం ఆ జవాబు మీద ఆధారపడి ఉంది. సంస్థని గుర్తుపట్టేలా చేసే వివరాలన్నీ తీసేశాను. అంకెలను కూడా, వాటి మధ్య లెక్క చెడిపోకుండా, కొద్దిగా మార్చాను.

దరఖాస్తుదారులు 6,240 మంది. దరఖాస్తు పెట్టిన పద్దెనిమిది నెలల తర్వాత వాళ్ల నెల సంపాదన తెలుసు. దాని లాగ్ తీసుకుని, వయసు, చదువు, పాత సంపాదన కంట్రోల్స్‌గా పెట్టి ఓఎల్ఎస్, అంటే మామూలు రిగ్రెషన్, నడిపితే శిక్షణ గుణకం 0.09 వచ్చింది. స్టాండర్డ్ ఎర్రర్ 0.01. చూడటానికి చాలా గట్టి ఫలితం.

కానీ ఆ 0.09ని ఎటువైపు సరిదిద్దాలో మాకు తెలియదు. ఆరు నెలలు ఓపికగా కూర్చున్నవాళ్లు మామూలుగానే పట్టుదల ఉన్నవాళ్లయితే అంకె ఎక్కువగా కనిపిస్తోందన్నమాట. మంచి ఉద్యోగం దొరికి మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఎక్కువైతే తక్కువగా కనిపిస్తోందన్నమాట. రెండూ జరుగుతున్నాయని శిక్షకులే చెప్పారు. ఏది ఎక్కువో డేటాలో లేదు. అందుకే ఇన్‌స్ట్రుమెంట్, అంటే శిక్షణని కదిలిస్తూ, సంపాదనని శిక్షణ ద్వారా మాత్రమే తాకే ఒక బయటి కారణం, వెతకడం మొదలుపెట్టాం.

మొదటి ప్రయత్నం: దూరం

ఎవరికైనా ముందు తట్టేది ఇంటి నుంచి శిక్షణ కేంద్రానికి ఉన్న దూరమే. దూరం పెరిగితే మానేసేవాళ్లు పెరుగుతారు. ఫస్ట్ స్టేజ్‌లో, అంటే దూరం శిక్షణని ఎంత కదిలిస్తోందో చూసే లెక్కలో, ప్రతి 10 కిలోమీటర్లకి పూర్తి చేసే అవకాశం 6.5 శాతం పాయింట్లు తగ్గింది. ఆ బలాన్ని కొలిచే ఎఫ్, క్లస్టర్ చేశాక, 61. ఇన్‌స్ట్రుమెంట్ బలహీనమని ఎవరూ అనలేరు. టూ స్టేజ్ లీస్ట్ స్క్వేర్స్ అంచనా 0.40 వచ్చింది. అంటే శిక్షణ వల్ల సంపాదన దాదాపు సగం పెరిగిందన్నమాట. సంస్థవాళ్లు సంతోషించారు. నాకు మాత్రం ఓఎల్ఎస్‌కి నాలుగు రెట్లు దాటిన ఆ అంకె చూసి టెన్షన్ పట్టుకుంది.

నా అనుమానం ఇది. శిక్షణ కేంద్రాలని ఎక్కడ పెడతారు? జనం, పనులు ఉన్నచోట. కేంద్రానికి దూరంగా ఉన్న మనిషి ఉద్యోగాలకి కూడా దూరంగానే ఉంటాడు. అలాంటప్పుడు దూరం శిక్షణ ద్వారానే కాక, నేరుగా కూడా సంపాదనని లాగుతుంది. ఎక్స్‌క్లూజన్ షరతు అడ్డుకునేది సరిగ్గా దీన్నే. ఇన్‌స్ట్రుమెంట్ ఫలితాన్ని తాకాలంటే శిక్షణ అన్న ఒక్క దారిలోనే రావాలి.

ఈ షరతుని సూటిగా పరీక్షించే మార్గం లేదు. కాని శిక్షణ దారి మూసుకుపోయిన మనుషులు దొరికితే, మిగతా దారులు తెరిచి ఉన్నాయో లేదో వాళ్లలో చూడొచ్చు. మా అదృష్టం కొద్దీ వయసు పరిమితి దాటినవాళ్లు కూడా ఇతర సేవల కోసం అవే కార్యాలయాలకి వచ్చేవాళ్లు. వాళ్లకి శిక్షణలో సీటు ఇవ్వరు. వాళ్ల చిరునామా, సంపాదన మాత్రం రికార్డులో ఉన్నాయి. దూరం పనిచేసేది శిక్షణ ద్వారానే అయితే, వీళ్ల సంపాదనకి దూరంతో సంబంధం ఉండకూడదు.

అర్హత ఉన్నవాళ్లలో ప్రతి 10 కిలోమీటర్లకి లాగ్ సంపాదన 0.026 తగ్గింది. అర్హత లేనివాళ్లలో 0.021 తగ్గింది. రిడ్యూస్డ్ ఫామ్‌లో, అంటే దూరానికీ సంపాదనకీ మధ్య కనిపించే మొత్తం సంబంధంలో, ఐదింట నాలుగు వంతులు శిక్షణకి సంబంధం లేనిదే. ఆ 0.021 తీసేసి మిగిలిన 0.005ని ఫస్ట్ స్టేజ్‌తో భాగిస్తే 0.08 దగ్గరికి వస్తుంది, 0.40 ఎక్కడా కనిపించదు. ఆ 0.08ని కూడా ఫలితంగా వాడలేదు. వయసు పైబడ్డవాళ్లకీ యువతకీ దూరం ఒకేలా పనిచేస్తుందని నమ్మడానికి ఆధారం లేదు. ఈ పరీక్షకి ఇన్‌స్ట్రుమెంట్‌ని కొట్టిపారేసే శక్తి ఉంది, దాన్ని బాగుచేసే శక్తి లేదు.

సంస్థ ప్రతినిధి అడిగిన ప్రశ్న నాకింకా గుర్తుంది. "ఎఫ్ అరవై ఉంది కదండీ, ఇంకేం కావాలి?" అన్నారు. ఎఫ్ చెప్పేది ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణని ఎంత గట్టిగా కదిలిస్తోందో మాత్రమే. అది సంపాదనని ఇంకే దారిలో కదిలిస్తోందో ఎఫ్‌కి తెలియదు. ఆయనకి వయసు దాటినవాళ్ల పట్టిక పక్కన పెట్టి చూపించాక ఒప్పుకున్నారు.

రెండో ప్రయత్నం: ఏ అధికారి ముందు కూర్చున్నారు

కొత్త ఇన్‌స్ట్రుమెంట్ డేటాలో దొరకలేదు, కార్యాలయంలో దొరికింది. రెండు రోజులు అక్కడ కూర్చుంటే అర్థమైంది: దరఖాస్తుదారుడు ఏ అధికారి దగ్గరికి వెళ్లాలో అతను ఎంచుకోడు. ఆ రోజు వరుసలో ఎవరి వంతు వస్తే వాళ్లే చూస్తారు. కొందరు అధికారులు ఉదారంగా సిఫారసు చేస్తారు, కొందరు బిగించి చేస్తారు. కోర్టు కేసుల మీద పనిచేసే ఆర్థికవేత్తలు జడ్జీల తేడాని ఇలాగే వాడుకుంటారు.

వరుస నిజంగా వరుసేనా అన్నది ముందు చూడాలి. అధికారి ఉదారతని, దరఖాస్తుదారుడి వయసు, చదువు, పాత సంపాదనతో పోల్చాం. పోల్చింది ఒకే కార్యాలయం, ఒకే నెల లోపలే, ఎందుకంటే వంతులు తిరిగేది అక్కడే. మొదటిసారి పాత సంపాదనతో స్పష్టమైన సంబంధం కనిపించింది. ఫోన్ చేసి అడిగితే కారణం తెలిసింది. రెండు కార్యాలయాల్లో, ఇంతకుముందు వచ్చి వెళ్లినవాళ్లని సీనియర్ అధికారులకి పంపే అలవాటు ఉందట. ఆ రెండింటినీ పూర్తిగా తీసేశాం. 34 మంది అధికారులు, 5,180 మంది దరఖాస్తుదారులు మిగిలారు. ఆ తర్వాత ఏ లక్షణంతోనూ సంబంధం కనపడలేదు.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. ప్రతి అధికారికీ ఒక డమ్మీ పెట్టి, కార్యాలయాల ఎఫెక్ట్స్ పోగా మిగిలిన 25 డమ్మీలనీ ఇన్‌స్ట్రుమెంట్లుగా వాడాను. సమాచారం ఏదీ వదులుకోకూడదన్నది నా ఆలోచన. అంచనా 0.14 వచ్చింది, ఓఎల్ఎస్‌కి బాగా దగ్గరగా. "ఓఎల్ఎస్‌లో పెద్ద పక్షపాతం లేదు" అని డ్రాఫ్టులో రాసేశాను కూడా. తర్వాత ఫస్ట్ స్టేజ్ ఎఫ్ చూస్తే 2.1.

అంత తక్కువ ఎఫ్‌తో ఓఎల్ఎస్‌కి దగ్గరగా రావడం దేనికీ రుజువు కాదు. ఒక అధికారి డమ్మీ గుణకం అంటే ఆయన చూసిన నూటయాభై మంది సగటే. ఆ సగటులో ఆయన ఉదారత కొంత, ఆ నూటయాభై మంది సొంత పట్టుదల కొంత కలిసి ఉంటాయి. ఏ పట్టుదలని తప్పించుకోవాలని ఇన్‌స్ట్రుమెంట్ తెచ్చామో, అదే అంచనా వేసిన శిక్షణలోకి దొడ్డిదారిన వచ్చేస్తుంది. ఇన్‌స్ట్రుమెంట్లు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది, అంచనా ఓఎల్ఎస్ వైపు జారుతుంది. స్థూలంగా, ఓఎల్ఎస్ పక్షపాతంలో 1/ఎఫ్ వంతు మిగిలిపోతుంది. ఎఫ్ 2.1 అంటే దాదాపు సగం. ఆంగ్రిస్ట్, క్రూగర్ 1991లో పుట్టిన త్రైమాసికాన్ని చదువుకి ఇన్‌స్ట్రుమెంట్‌గా వాడారు. 1995లో బౌండ్, జేగర్, బేకర్ నిజమైన త్రైమాసికం బదులు యాదృచ్ఛికంగా పుట్టించిన త్రైమాసికాన్ని పెట్టినా, ఏ తేడా ఉన్నట్టు అనిపించని ఫలితాలే వస్తాయని చూపించారు. నేను చదివి, ఇతరులకి చెప్పిన పాఠమే అది. అయినా నా డ్రాఫ్టులో అదే చేశాను.

డమ్మీలు తీసేసి, ఒకే ఇన్‌స్ట్రుమెంట్‌కి మారాం. ప్రతి దరఖాస్తుదారుడికీ, అతన్ని మినహాయించి ఆ అధికారి మిగతావాళ్లలో ఎంతమందిని సిఫారసు చేశాడన్న నిష్పత్తి. తన సొంత పట్టుదల తన ఇన్‌స్ట్రుమెంట్‌లో లేకుండా పోతుంది.

ఏ ఎఫ్?

ఇలా నడిపితే అంచనా 0.31, ప్రోగ్రామ్ ముందుగా చూపించిన ఎఫ్ 27. ఈసారి హాయిగా అనిపించింది. కానీ ఆ ఎఫ్ ప్రతి దరఖాస్తుదారుడినీ విడి పరిశీలనగా లెక్కేసింది. ఇన్‌స్ట్రుమెంట్ మారేది అధికారి స్థాయిలో. 5,180 వరుసలున్నా, నిజంగా విడివిడిగా ఉన్నవి 34 గుంపులే. అధికారి వారీగా క్లస్టర్ చేసి మళ్లీ అడిగితే ఎఫ్ 9.4కి పడిపోయింది. ఆర్‌లో fixest వాడేవాళ్లు ఈ రెండింటి తేడా గమనించాలి:

```r
m <- feols(log_earn ~ age + educ + prior | office^month |
             completed ~ leniency,
           data = d, cluster = ~officer)
fitstat(m, ~ ivf1 + ivwald1)
```

ఇందులో `ivf1` క్లస్టర్‌ని పట్టించుకోదు. `ivwald1` పట్టించుకుంటుంది. ఒకే ఇన్‌స్ట్రుమెంట్ ఉన్నప్పుడు మోంటియెల్ ఓలియా, ఫ్లూగర్ 2013లో చెప్పిన ఎఫెక్టివ్ ఎఫ్ ఈ రెండోదాని లాంటిదే.

9.4ని దేనితో పోల్చాలి? 1997లో స్టైగర్, స్టాక్ చెప్పిన "పది దాటాలి" అన్న మాట అందరికీ నోటికి వచ్చు. అది ఎర్రర్లు ఒకే తీరుగా ఉన్నాయనుకున్నప్పటి మాట. ఎఫెక్టివ్ ఎఫ్ పద్ధతిలో ఒకే ఇన్‌స్ట్రుమెంట్‌కి, పక్షపాతం అత్యంత చెడ్డ పరిస్థితితో పోలిస్తే పదో వంతు దాటకూడదంటే 23 చుట్టుపక్కల కావాలి. మామూలు 1.96ని కళ్లు మూసుకుని వాడాలంటే ఎఫ్ 104.7 ఉండాలని లీ, మెక్రేరీ, మొరేరా, పోర్టర్ 2022లో చూపించారు. ఏ గీత తీసుకున్నా మాది కిందే ఉంది.

అందుకని గీతల సంగతి పక్కన పెట్టి, ఫస్ట్ స్టేజ్ బలం మీద ఆధారపడని పరీక్షకి వెళ్లాం. ఆండర్సన్, రూబిన్ 1949లో ఇచ్చిన పద్ధతి ఇది. శిక్షణ ప్రభావం 0.2 అనుకుందాం. ప్రతి మనిషి లాగ్ సంపాదన నుంచి 0.2 × శిక్షణ తీసేయండి. మన ఊహ నిజమైతే మిగిలినదానికి ఇన్‌స్ట్రుమెంట్‌తో సంబంధం ఉండకూడదు. సంబంధం కనిపిస్తే 0.2ని కొట్టేయాలి, లేకపోతే ఉంచాలి. ఇలా వరసగా ప్రతి విలువకీ చేసి, మిగిలినవన్నీ కలిపితే విశ్వాస అవధి వస్తుంది. ఎక్కడా ఫస్ట్ స్టేజ్‌తో భాగించలేదు కాబట్టి అది బలహీనంగా ఉన్నా పరీక్ష తప్పుదారి పట్టదు.

```r
b0 <- 0.2
feols(I(log_earn - b0 * completed) ~ leniency + age + educ +
        prior | office^month, data = d, cluster = ~officer)
```

మామూలు పద్ధతిలో అవధి 0.02 నుంచి 0.60. సున్నా బయటే ఉంది, "ప్రభావం ఉంది" అని రాసేయొచ్చు. ఆండర్సన్-రూబిన్ అవధి −0.01 నుంచి 0.77. సున్నా లోపలికి వచ్చింది, పై కొస బాగా సాగింది. రెండూ ఒకే డేటా నుంచి వచ్చినవే. ఈ దశలో మేము సంస్థకి చెప్పింది: ప్రభావం ఉండే అవకాశం ఉంది, కానీ సున్నా కాదని ఈ ఇన్‌స్ట్రుమెంట్ చెప్పలేకపోతోంది.

పనిచేసినది

బలహీనత ఎక్కడి నుంచి వస్తోందని ఆలోచిస్తే, జవాబు మళ్లీ కార్యాలయం నియమావళిలోనే ఉంది. దరఖాస్తుదారులకి వందకి మార్కులు వేస్తారు. 70, ఆపైన వస్తే సీటు ఖాయం. 40 కంటే తక్కువైతే సీటు లేదు. అధికారి విచక్షణ నడిచేది 40 నుంచి 69 మధ్య ఉన్నవాళ్ల విషయంలోనే. మేము మూడు గుంపులనీ కలిపేసి, అధికారికి అసలు చేతిలో లేని మనుషుల మీద కూడా ఆయన ప్రభావం వెతుకుతున్నాం. రెండు చివరలవాళ్లూ సిగ్నల్ ఇవ్వకుండా రణగొణ మాత్రం కలుపుతున్నారు.

మధ్య గుంపులో 2,900 మంది ఉన్నారు. ఉదారతని వాళ్లలోనే మళ్లీ లెక్కించాం. ఎఫ్ 28.4కి పెరిగింది. అంచనా 0.19, ఆండర్సన్-రూబిన్ అవధి 0.01 నుంచి 0.38. మామూలు అవధి 0.02 నుంచి 0.36. మనుషులు దాదాపు సగానికి తగ్గినా అవధి బిగుసుకుంది, రెండు పద్ధతులూ దగ్గరపడ్డాయి. ఇన్‌స్ట్రుమెంట్ బలం పెరిగిందనడానికి ఎఫ్ కంటే ఈ దగ్గరపడటమే నాకు మంచి సూచనగా అనిపిస్తుంది.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచలేదు. ఎఫ్ పెరిగేదాకా గుంపులు మారుస్తూ పోతే, చివరికి దొరికే ఎఫ్‌కి అర్థం ఉండదు. 40, 69 అన్న గీతలు మేము గీసినవి కావు, దరఖాస్తులకి ముందే నియమావళిలో ఉన్నవి. మధ్య గుంపు సంపాదన చూడకముందే ఆ విభజనని రాసిపెట్టుకున్నాం. అయినా మొత్తం డేటా ఫలితం అప్పటికే చూసేశాం. కాబట్టి నివేదికలో రెండు ఫలితాలనీ పక్కపక్కనే పెట్టాం.

చివరల గుంపులు ఎక్స్‌క్లూజన్ పరీక్షకి పనికొచ్చాయి. ఇక్కడ మాకు నిజమైన భయం ఒకటుంది. అధికారులు శిక్షణకి సిఫారసు చేయడమే కాదు, కొందరికి యజమానుల పేరున పరిచయ లేఖలు కూడా రాస్తారు. ఉదారంగా సిఫారసు చేసే అధికారి లేఖలు కూడా ఎక్కువ రాస్తే, మేము శిక్షణ ఖాతాలో వేస్తున్నది కొంత లేఖలదే. చివరల గుంపుల్లో అధికారి ఉదారతకి శిక్షణతో సంబంధం లేదు, ఫస్ట్ స్టేజ్ గుణకం 0.02. కానీ లేఖలు వాళ్లకీ అందుతాయి. వాళ్లలో ఉదారతకీ సంపాదనకీ మధ్య రిడ్యూస్డ్ ఫామ్ 0.03, స్టాండర్డ్ ఎర్రర్ 0.09.

దీన్ని "సున్నాతో తేడా లేదు, ఎక్స్‌క్లూజన్ పాసైంది" అని రాయడం సులువే. నేను రాయనివ్వలేదు. మధ్య గుంపు రిడ్యూస్డ్ ఫామే 0.167. 0.09 స్టాండర్డ్ ఎర్రర్‌తో చేసిన పరీక్ష, దానంత పెద్ద నేరు ప్రభావాన్ని కూడా కొట్టేయలేదు. దూరం విషయంలో ఇదే రకం పరీక్ష గట్టిగా కాదంది. ఇక్కడ అవునని మాత్రం గట్టిగా అనలేకపోయింది.

అందుకే ఎదురు ప్రశ్న వేసుకున్నాం. లేఖల నేరు ప్రభావం ఎంత ఉంటే మా ముగింపు మారుతుంది? కాన్లీ, హాన్సెన్, రోసీ 2012లో ఇచ్చిన ఆలోచన ఇదే. నేరు ప్రభావం నిజంగా 0.03 అయితే, 0.167 నుంచి అది తీసి ఫస్ట్ స్టేజ్ గుణకం 0.88తో భాగించాలి. అంచనా 0.19 నుంచి 0.16కి దిగుతుంది, సున్నా మళ్లీ అవధి లోపలికి వస్తుంది. అంత చిన్న నేరు ప్రభావానికే గణాంక ప్రాముఖ్యం పోతుంది. అంచనా పరిమాణం మాత్రం పెద్దగా కదలదు. ఈ రెండు వాక్యాలూ నివేదిక మొదటి పేజీలోనే ఉండాలని పట్టుబట్టాను.

ఏకదిశ షరతు గురించి క్లుప్తంగా. కఠినమైన అధికారి సీటు ఇచ్చేవాడికి ఉదారమైనవాడు కాదనకూడదు. స్త్రీలు, పురుషులు, చదువు స్థాయిలు విడదీసి ఫస్ట్ స్టేజ్ చూశాం, అన్నిచోట్లా గుర్తు ధనాత్మకమే. వ్యక్తి స్థాయిలో అది నిజమని ఇది నిరూపించదు, కానీ పెద్ద ఉల్లంఘన ఉంటే బయటపడేది.

0.19 ఎవరిది

సంస్థ ఈ అంకెని మొత్తం పథకానికి వర్తింపజేయాలనుకుంది. లాగ్‌లో 0.19 అంటే సంపాదన 21 శాతం పెరగడం, చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ ఇంబెన్స్, ఆంగ్రిస్ట్ 1994లో చెప్పినట్టు, ఇన్‌స్ట్రుమెంట్ ఇచ్చేది దాని వల్ల నిర్ణయం మారిన మనుషుల సగటు. మా విషయంలో వాళ్లు మార్కుల్లో మధ్యలో ఉండి, అధికారి మారితే సీటు వచ్చేవాళ్లు లేదా పోయేవాళ్లు. 85 మార్కులతో నేరుగా సీటు తెచ్చుకున్నవాళ్ల గురించి మా దగ్గర ఏ అంచనా లేదు. అయితే పథకాన్ని పెంచితే కొత్తగా లోపలికి వచ్చేది ఈ మధ్యవాళ్లే. సంస్థ అడిగిన నిర్ణయానికి ఈ సగటు సరిపోతుందని, మొత్తం పథకం విలువ కట్టడానికి సరిపోదని రాశాం.

ఇలాంటి పని మళ్లీ వస్తే క్రమం మారుస్తాను. ఇన్‌స్ట్రుమెంట్ ఏ స్థాయిలో మారుతుందో మొదటి రోజే రాసుకుని, ఎఫ్‌ని ఆ స్థాయిలో క్లస్టర్ చేశాకే చూస్తాను. నియమావళిని డేటా కంటే ముందు చదువుతాను. మధ్య గుంపు సంగతి మూడో నెలలో కాక మొదటి వారంలోనే తెలిసేది. పరిచయ లేఖలు ఎవరు ఎవరికి రాశారన్న రిజిస్టర్లు ఇంకా కాగితం మీదే ఉన్నాయి. వాటిని ఎక్కించడానికి సంస్థ ఒప్పుకుంది. ఆ పని అయ్యాక ఉదారంగా సిఫారసు చేసేవాళ్లే లేఖలూ ఎక్కువ రాస్తున్నారా అన్నది లెక్కపెట్టి చూస్తాం. అప్పటిదాకా నివేదికలో 0.19 పక్కన 0.16 కూడా ఉంటుంది.